పట్టికలో మొదటి పేరును మేమెందుకు తీసుకోలేదు



పోయిన సర్వసభ్య సమావేశంలో ఇద్దరు ముగ్గురు సభ్యులు ఒకే ప్రశ్న అడిగారు. మన స్కాలర్‌షిప్ చాట్‌బాట్‌కు లోకంలో మొదటి ర్యాంకు ఉన్న మోడల్ ఉండగా, తొమ్మిది మెట్లు కింద ఉన్నదాన్ని ఎందుకు పెట్టారు, డబ్బు మిగుల్చుకోవడానికా అని. అక్కడ టైము లేక రెండు ముక్కల్లో చెప్పాం, ఎవరికీ సరిగ్గా అర్థం కాలేదు. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాం. కొంచెం పొడుగు ఉంటుంది, ఓపికగా చదవండి.

మొదట పెట్టింది ఆ మొదటి ర్యాంకు మోడల్‌నే. అది దాచుకునే విషయం కాదు.

ప్రతి ఏడూ జూన్, జులై నెలల్లో మన ఆఫీసు ఫోను ఊపిరి పీల్చుకోదని మీకు తెలుసు. ఫారం ఎక్కడ దొరుకుతుంది, ఆఖరు తారీఖు ఎప్పుడు, డిప్లొమా పిల్లలకు ఇస్తారా, అన్నకు ఇస్తే చెల్లెలికి ఇస్తారా. జవాబులన్నీ మన పద్నాలుగు పేజీల నిబంధనల పుస్తకంలో ఉన్నాయి, కానీ పుస్తకం చదివేవాళ్ళు తక్కువ. అందుకని వాట్సాప్‌లో అడిగితే ఆ పుస్తకంలోంచి జవాబు చెప్పే బాట్ పెడదామనుకున్నాం. పుణెలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న మన సోలాపూర్ పిల్లవాడు ఒకడు సాయం చేశాడు. ఏ మోడల్ తీసుకోవాలని అడిగితే ఒక పట్టిక స్క్రీన్‌షాట్ పంపాడు. వరసగా పేర్లు, పక్కన మార్కులు, 92.1, 91.6, 90.8 ఇట్లా. మేమంతా బడిలో మార్కుల లిస్టు చూసి పెరిగినవాళ్ళమే కదా. మొదటి పేరు మీద వేలు పెట్టి ఇదే అన్నాం. ఐదు నిమిషాల్లో అయిపోయిన నిర్ణయం.

పూర్వభాగంలోని పదిహేను కుటుంబాలకు పరీక్షగా ఇచ్చాం. అందులో ఒక అక్క బీడీలు చుడుతుంది, భర్త లేడు, బిడ్డ పాలిటెక్నిక్ రెండో ఏడు. ఆమె ఫోనులో ఇట్లా టైపు చేసింది.

```
poyinedu utpanna dakhla undi, nadustada
```

మనలో ఎవరికైనా ఇది చదవగానే తెలుస్తుంది. పోయినేడాది ఆదాయం సర్టిఫికెట్ ఉంది, అది నడుస్తదా అని అడుగుతున్నది. దాఖలా అనేది మనకు మరాఠీ మాట, సర్టిఫికెట్. కానీ ఆంధ్ర తెలంగాణ వార్తాపత్రికల తెలుగులో దాఖలు అంటే కాగితాలు సమర్పించడం. బాట్ ఆ రెండో అర్థం పట్టుకుంది. పోయిన ఏడాది దాఖలు చేసి ఉంటే ఈ ఏడాది మళ్ళీ ఇవ్వనవసరం లేదు, నిశ్చింతగా ఉండండి అని చక్కటి తెలుగులో, మర్యాదగా, చివర ఒక నమస్కారం బొమ్మతో సహా జవాబిచ్చింది. మన నిబంధన ఏమిటి? ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసిన దాఖలా మాత్రమే చెల్లుతుంది. మళ్ళీ ఇవ్వనవసరం లేదన్న మాట పుస్తకంలో ఎక్కడా లేదు, అది సొంతంగా కల్పించింది.

ఆ అక్క ఆఖరు రోజు సాయంత్రం ఫారం పట్టుకుని వచ్చింది, దాఖలా లేదు. సేతు కేంద్రంలో అప్లికేషన్ పెడితే చేతికి రావడానికి రోజులు పడుతుంది. లేదమ్మా, చెల్లదు అంటే, "మీ ఫోనే చెప్పింది గదా అన్నా" అని స్క్రీన్ చూపించింది. మా దగ్గర జవాబు లేదు. కమిటీ కూర్చుని ఆమెకు పది రోజుల గడువు ఇచ్చింది, బిడ్డకు డబ్బు అందింది. కానీ మిగిలిన పద్నాలుగు ఇళ్ళకు ఏమేం చెప్పిందోనని ఆ రాత్రి అన్ని సంభాషణలు తీసి చదివాం. ఇంకా నాలుగు తప్పులు దొరికాయి. మరునాడు బాట్ ఆపేశాం.

అప్పుడు మొదటిసారి ఆ పట్టికను నిజంగా చదివాం. అంటే పేర్లు కాదు, పైన కాలమ్ హెడ్డింగులు. ఏ పరీక్షలో వచ్చిన 92 అది? ఈ ప్రశ్న ముందే అడగాల్సింది.

మేము చూసిన కాలమ్ పేరు MMLU. 2020లో వచ్చిన పరీక్ష, చాలా పేరున్నది. 57 సబ్జెక్టులు, సుమారు 14 వేల ప్రశ్నలు, లా, మెడిసిన్, గణితం, చరిత్ర, అన్నీ ఇంగ్లీషులో. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమంటారు. ఏమీ రానివాడు కళ్ళు మూసుకుని టిక్కు పెట్టినా నూటికి ఇరవై ఐదు వస్తాయి. ఇక్కడ గమనించాల్సింది, తప్పు జవాబుకు మార్కులు కోత లేదు. తెలియదు అని వదిలేసినవాడికి సున్నా, తెలియక ఊహించి రాసినవాడికి సున్నా లేదా ఒకటి. అంటే ఆ పరీక్షలో పైకి పోవాలంటే ఎప్పుడూ ఏదో ఒకటి చెప్పడమే లాభం. మన బాట్‌కు కావాల్సింది సరిగ్గా దీనికి తలకిందులు. పుస్తకంలో లేకపోతే, ప్రశ్న అర్థం కాకపోతే, నాకు తెలియదు, ఆఫీసుకు ఫోను చేయండి అనాలి. ఆ గుణాన్ని ఈ పరీక్ష కొలవనే కొలవదు.

ఇంకొకటి. 92.1కీ 91.6కీ మధ్య అర మార్కు చూసి మేము ఒకరిని మొదటి ర్యాంకు అన్నాం. 2024లో కొందరు పరిశోధకులు ఆ ప్రశ్నపత్రాన్నే దిద్దారు. అన్ని సబ్జెక్టుల నుంచి కొన్ని కొన్ని ప్రశ్నలు తీసి నిపుణులతో చూపిస్తే, నూటికి ఆరు పైచిలుకు ప్రశ్నల్లోనే లోపం ఉందని అంచనా వచ్చింది. కొన్నిటికి కీలో జవాబు తప్పు, కొన్నిటికి రెండు జవాబులు ఒప్పు, కొన్నిటికి ప్రశ్నే అర్థం కాదు. వైరాలజీ అనే సబ్జెక్టులో చూసినవాటిలో సగానికి పైగా అట్లాంటివే. కీలోనే ఇంత గందరగోళం ఉన్న పరీక్షలో 91 దాటిన తర్వాత అర మార్కుకు ర్యాంకు ఇవ్వడంలో అర్థం లేదు. 60కీ 90కీ తేడా నిజమైన తేడా. పైన గుంపుగా ఉన్నవాళ్ళలో ఎవరు ముందన్నది ఆ కాలమ్ చెప్పలేదు.

ప్రశ్నపత్రం ముందే బయటికి రావడం అనే వ్యవహారం కూడా ఉంది. మన పిల్లలు గైడు బట్టీ పట్టి లెక్కల పరీక్ష రాసినట్టు. ఈ పరీక్షల ప్రశ్నలు, జవాబులు అన్నీ ఇంటర్నెట్‌లో ఉంటాయి, మోడళ్ళకు చదువు చెప్పేదీ ఇంటర్నెట్‌లోని రాతతోనే. కావాలని చేయకపోయినా ప్రశ్నలు చదువులోకి దూరిపోతాయి. GSM8K అని బడి లెక్కల పరీక్ష ఒకటుంది, 2021లో వచ్చింది. 2024లో స్కేల్ ఏఐ కంపెనీ పరిశోధకులు అదే కష్టం ఉన్న లెక్కలు వెయ్యికి పైగా కొత్తగా రాయించి, ఎవరికీ చూపకుండా మోడళ్ళకు ఇచ్చారు. కొన్ని మోడళ్ళ మార్కులు బాగా పడిపోయాయి. అన్నిటివీ పడలేదు, ముందు వరసలో ఉన్న కొన్ని దాదాపు అట్లాగే నిలబడ్డాయి. కాబట్టి అందరూ కాపీ కొట్టారని అనకూడదు. కానీ పాత పరీక్ష మార్కు చూసి ఎవరు బట్టీ, ఎవరు నిజంగా వచ్చినవాళ్ళు అన్నది మనం విడదీయలేం.

సరే, ఈ టిక్కు మార్కుల పట్టిక వద్దు, మనుషులు ఓటేసే పట్టిక చూద్దామని మా పుణె పిల్లవాడు ఇంకొకటి తెచ్చాడు. దాన్ని చాట్‌బాట్ అరీనా అనేవారు, తర్వాత ఎల్ఎంఅరీనా అన్నారు. పద్ధతి బాగుంటుంది. మీరు ఒక ప్రశ్న అడుగుతారు, పేర్లు దాచి రెండు మోడళ్ళ జవాబులు పక్కపక్కన చూపిస్తారు, ఏది నచ్చిందో ఓటేస్తారు. లక్షల ఓట్ల నుంచి చదరంగం ఆటగాళ్ళకు ఇచ్చినట్టు పాయింట్లు లెక్క కడతారు. మాకు మొదట ఇదే సరైనదని అనిపించింది.

కానీ ఆ పాయింట్లకు అర్థం ఏమిటో చూడండి. ఇద్దరి మధ్య 20 పాయింట్ల తేడా ఉందంటే, ఆ లెక్క ప్రకారం వంద పోటీల్లో పైవాడు గెలిచేది సుమారు 53, కిందివాడు 47. పట్టికలో ఆ 20 పాయింట్లలో ఐదారు పేర్లు ఇరుక్కుని ఉండొచ్చు. మన తొమ్మిది మెట్ల కింద అన్న మాట వినడానికి ఘోరంగా ఉంది గానీ, మెట్ల ఎత్తు చూస్తే అంత లేదు.

పైగా ఓటు వేసేవాడు జవాబు నిజమా కాదా అని సరిచూడడు, చాలాసార్లు చూడలేడు కూడా. పొడుగ్గా, నీటుగా, బుల్లెట్లు పెట్టి రాసిన జవాబుకు ఓటు పడిపోతుంది. దీన్ని ఆ పట్టిక నడిపేవాళ్ళే గుర్తించి 2024 ఆగస్టులో పొడుగు, అలంకారం ప్రభావాన్ని తీసేసి లెక్క కట్టే పద్ధతి పెట్టారు, అప్పుడు కొన్ని ర్యాంకులు పైకి కిందికి అయ్యాయి. 2025 ఏప్రిల్‌లో మెటా కంపెనీ లామా 4 మావెరిక్ విషయంలో జరిగింది ఇంకా పాఠం. పట్టికలో పైన కనబడింది సంభాషణకు ప్రత్యేకంగా మలిచిన ప్రయోగాత్మక రూపం, జనానికి విడుదల చేసింది వేరే రూపం. తర్వాత విడుదలైన రూపాన్నే పోటీలో పెడితే చాలా కింద నిలిచింది. పేరు ఒకటే, సరుకు వేరు. మన చాదర్ల వ్యాపారంలో శాంపిల్ పీసు ఒకటి చూపి బేలులో వేరేది కట్టడం గురించి ఇక్కడ ఎవరికీ చెప్పనవసరం లేదు.

ఆ అక్కకు వచ్చిన జవాబు గుర్తు చేసుకోండి. చక్కటి తెలుగు, మర్యాద, నమస్కారం బొమ్మ. దాన్ని ఓటింగులో పెడితే, మన నిబంధన తెలియని మనిషి దానికే ఓటేస్తాడు. మేమే వేసేవాళ్ళం.

కాబట్టి మా పరీక్ష మేమే పెట్టుకున్నాం. పోయిన రెండేళ్ళ ఫోను రిజిస్టరు, వాట్సాప్ మెసేజ్‌లు తీసి 120 ప్రశ్నలు ఏరాం. అడిగినవాళ్ళు ఎట్లా రాస్తే అట్లాగే, తప్పులు దిద్దకుండా. ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు, మధ్యలో మరాఠీ మాటలు, సగం వాక్యాలు. అందులో 80 ప్రశ్నలకు జవాబు పుస్తకంలో ఉంది. 40 ప్రశ్నలకు లేదు, వాటికి ఒప్పు జవాబు తెలియదు, ఆఫీసును అడగండి అన్నదే. ఈ రెండో కట్ట పెట్టడం ఈ మొత్తం పనిలో మేము చేసిన తెలివైన పని అనుకుంటున్నాం.

మూడు మోడళ్ళకు ఇచ్చాం. పేర్లు చెప్పడం లేదు, ఎందుకంటే మూడు నెలల్లో రూపాలు మారిపోతాయి. ఒకటో మోడల్ అంటే పట్టికలో మొదటిది. జవాబులను మాలో ఇద్దరు మోడల్ పేరు కనబడకుండా విడివిడిగా దిద్దారు. ఇద్దరికీ చాలా చోట్ల కుదరలేదు. మా పెద్దాయన ఒకరు జవాబులో గ్రాంథికం వాసన వస్తే చాలు మార్కు వేసేశారు! ఆయనతో కూర్చుని, తారీఖు, కాగితం పేరు, ఎవరికి వర్తిస్తుంది అన్న మూడూ ఒప్పయితేనే మార్కు, భాష అందానికి మార్కు లేదు అని ముందే రాసుకుని మళ్ళీ దిద్దాం.

పుస్తకంలో జవాబు ఉన్న 80లో ఒకటో మోడల్‌కు 70, రెండోదానికి 71, మూడోదానికి 66 వచ్చాయి. చూడగానే రెండోది ఫస్టు అనబోయాం. పుణె పిల్లవాడు ఆపాడు. 80 ప్రశ్నల చిన్న పరీక్షలో ఐదారు మార్కుల తేడా కేవలం ప్రశ్నల అదృష్టం వల్ల కూడా వస్తుంది, వేరే 80 ప్రశ్నలు ఏరి ఉంటే వరస మారొచ్చు అన్నాడు. నమ్మకం కుదరక అదే మోడల్‌కు అవే ప్రశ్నలు మరునాడు మళ్ళీ ఇచ్చాం. ప్రశ్నలు మారలేదు, అయినా మూడు జవాబులు మారాయి. కాబట్టి ఈ కట్టలో ముగ్గురూ సమానమే అనుకున్నాం.

తేడా అంతా రెండో కట్టలో బయటపడింది. జవాబు లేని 40 ప్రశ్నల్లో ఒకటో మోడల్ తెలియదు అన్నది 17 సార్లే, మిగిలిన 23 సార్లు ఏదో ఒకటి కల్పించింది. హాస్టల్ ఫీజు ఇస్తారా అంటే ఇస్తారంది. రెండోది 24 సార్లు ఒప్పుకుంది. మూడోది 35 సార్లు. ఇది అదృష్టం తేడా కాదు. దాఖలా ప్రశ్నకు మూడోది ఏం చెప్పిందో తెలుసా? మీరు అడిగేది ఆదాయం సర్టిఫికెట్ గురించేనా అని తిరిగి అడిగింది. మా కౌంటర్ దగ్గర కూర్చునే మనిషి కూడా అదే చేస్తాడు.

ఒకటో మోడల్‌కు అన్యాయం చేయకూడదని పుస్తకంలో లేనిది చెప్పవద్దు అని సూచన గట్టిగా మార్చి రాసి మళ్ళీ పరీక్ష పెట్టాం. 17 కాస్తా 29 అయింది. కానీ జవాబు ఉన్న కట్టలో 70 నుంచి 63కు దిగింది, తెలిసిన వాటికి కూడా ఆఫీసును అడగండి అనడం మొదలుపెట్టింది. మూడోది అదే సూచనతో 35 నుంచి 37కు పోయింది, రెండో వైపు ఏమీ పోగొట్టుకోలేదు.

ఖర్చు మాట కూడా చెప్పాలి, అడిగారు కాబట్టి. మోడళ్ళు వాక్యాన్ని చిన్న ముక్కలుగా విరిచి చదువుతాయి, టోకెన్లు అంటారు, బిల్లు వాటి లెక్కన. ఇంగ్లీషు మాట ఒకటి రెండు ముక్కల్లో అయిపోతుంది, మన తెలుగు లిపి మాట చాలా ఎక్కువ ముక్కలవుతుంది, ఎన్ని అన్నది మోడల్‌ను బట్టి మారుతుంది. ఒకే తెలుగు జవాబుకు ఒకటో మోడల్‌లో 210 ముక్కలు, మూడోదాంట్లో 130 పడ్డాయి. రేటు కార్డు చూసి ఇద్దరిదీ దాదాపు ఒకటే అనుకున్నవాళ్ళం, బిల్లులో తేడా చూసి ఆశ్చర్యపోయాం. కాబట్టి అవును, డబ్బు కూడా మిగిలింది. కానీ దానికోసం తీసుకోలేదు.

ఇప్పుడు మా తప్పు ఒకటి. సూచనలు మార్చి మార్చి ఆ 120 ప్రశ్నల మీదే పరీక్షించుకుంటూ పోయాం కదా, చివరికి మేమూ గైడు బట్టీ పట్టించినట్టే అయింది. జులైలో వచ్చిన కొత్త మెసేజ్‌ల నుంచి 40 తీసి చూస్తే తెలిసింది. వాటిలో పుస్తకంలో లేనివి 15, మూడో మోడల్ ఒప్పుకున్నది 12 సార్లు. పాత కట్టలో 40కి 37 అని గర్వపడ్డ మాకు అది దెబ్బే. ఒకటో మోడల్ 15లో 8, కాబట్టి నిర్ణయం మారలేదు, కానీ 15కు మూడు కల్పనలంటే అవి మూడు ఇళ్ళు.

అందుకని ఇప్పుడు ఇట్లా నడుపుతున్నాం. ప్రతి జవాబు కింద నిబంధన నంబరు, ఆఫీసు ఫోను నంబరు వస్తాయి. తారీఖు, దాఖలా, డబ్బు మొత్తం, ఈ మూడింటి గురించి అడిగితే బాట్ సొంత మాటల్లో చెప్పదు, పుస్తకంలోని వాక్యాన్నే ఉన్నదున్నట్టు చూపిస్తుంది. శనివారం సాయంత్రం మాలో ఇద్దరు ఆ వారం సంభాషణలన్నీ చదువుతారు. ప్రతి నెలా కొత్తగా వచ్చిన ముప్పై ప్రశ్నలు పక్కన పెట్టి, సూచనలు రాసే పిల్లవాడికి చూపకుండా దాచి, వాటితోనే పరీక్ష పెడుతున్నాం. కంపెనీవాళ్ళు మోడల్ రూపం మార్చిన రోజు కూడా అదే పరీక్ష మళ్ళీ పెడతాం.

శనివారం చదివే పనికి ఇంకో ఇద్దరు కావాలి, మరాఠీ తెలుగు రెండూ వచ్చినవాళ్ళు అయితే మేలు. బాట్ తప్పు చెప్పిందనిపిస్తే స్క్రీన్‌షాట్ ఆఫీసు నంబరుకు పంపండి. మీరు టైపు చేసిన మాటను దిద్దకుండా, ఉన్నదున్నట్టే పంపండి. మాకు కావాల్సింది అదే.